ఐదుగురిని కలిసి వచ్చాక రాసే ఉత్తరం

హైదరాబాద్‌లో మందులు తయారుచేసి అమెరికాకు ఎగుమతి చేసే ఒక కంపెనీ అనుకుందాం. దాని షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉన్నాయి. ఆర్థిక వ్యవహారాలన్నీ చూసే సీఎఫ్‌ఓ వెళ్లిపోయాడు, కొత్త మనిషి కోసం వెతుకుతున్నారు. ఆ పదవికి పోటీలో ఉన్న ఒక చార్టర్డ్ అకౌంటెంట్, వయసు నలభై ఎనిమిది, ఒక రోజంతా ఆ కంపెనీలో గడిపాడు. ప్రమోటర్ల కుటుంబానికి చెందిన ఎండీతో గంటన్నర మాట్లాడాడు. ఆడిట్ కమిటీకి అధ్యక్షురాలిగా ఉన్న స్వతంత్ర డైరెక్టర్‌తో ముప్పావుగంట. ఫ్యాక్టరీలన్నీ చూసే అధికారితో, అమెరికా అమ్మకాల బాధ్యుడితో, హెచ్‌ఆర్ హెడ్‌తో తలా అరగంట. సాయంత్రానికి ఇల్లు చేరాడు. ఇప్పుడు ఆ ఐదుగురికీ ఏం రాయాలి, ఎంత రాయాలి, ఏ ధోరణిలో రాయాలి?

ఇది ఒక్క మనిషి కథ కాదు. పై స్థాయి నియామకాల పనిలో చూసిన అనేక సందర్భాలను కలిపి అల్లుకున్న ఉదాహరణ. సీఎఫ్‌ఓ పదవినే ఎంచుకోవడానికి కారణముంది. ఎంత రాయాలి, ఎంత రాయకూడదు అన్న ప్రశ్న ఈ కుర్చీ దగ్గర మర్యాదతో ఆగదు, చట్టం దాకా వెళుతుంది.

ఉద్యోగ జీవితం మొదట్లో ఉన్నవాళ్లు ఇంటర్వ్యూ తర్వాత నాలుగు వాక్యాల కృతజ్ఞతల మెయిల్ పంపిస్తే చాలు. అది వచ్చినా రాకపోయినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పై స్థాయిలో చదివేవాళ్ల కళ్లు వేరేదాని కోసం చూస్తాయి. రేపు ఈ మనిషి బోర్డుకు నోట్ రాస్తాడు. బ్యాంకులకు రాస్తాడు. ఆడిటర్లు అడిగిన చిక్కు ప్రశ్నకు లిఖితపూర్వకంగా జవాబిస్తాడు. ఆ రాతకు వాళ్ల చేతికి అందే మొదటి నమూనా ఈ మెయిలే. ఏది చెప్పాలో ఏది వదిలేయాలో తేల్చుకోగలడా, తన మాటలో తప్పుంటే తానే పట్టుకోగలడా, తనకంటే పై అధికారం ఉన్నవాళ్లతో మెడ వంచకుండా, మీద పడకుండా మాట్లాడగలడా అన్నది అందులో కనిపిస్తుంది. అందుకే ఈ స్థాయిలో మెయిల్ పొడవే ఒక సాక్ష్యం. నాలుగు గంటల సంభాషణలో ముఖ్యమైనదేదో ఎంచుకోలేనివాడు రెండు పేజీలు రాస్తాడు. అసలు ఏదీ మనసులో నాటుకోనివాడు రెండు వాక్యాలతో సరిపెడతాడు.

ముందు గడియారం సంగతి చూద్దాం. కంపెనీల చట్టం 2013 ప్రకారం ఇలాంటి కీలక పదవి ఖాళీ అయితే ఆరు నెలల్లో నింపాలి. లిస్టయిన కంపెనీలకు సెబీ నిబంధనలు ఇంకా బిగువు. సీఎఫ్‌ఓ కుర్చీని మామూలుగా మూడు నెలల్లోపే భర్తీ చేయాలి. ఆ మూడు నెలల్లో వెతకడం, ఇంటర్వ్యూలు, పాత యజమానుల దగ్గర వాకబు, జీతం బేరం, కమిటీల ఆమోదం అన్నీ జరగాలి. సీఎఫ్‌ఓ అభ్యర్థి అర్హతలు పరిశీలించి ఆమోదించే బాధ్యతను నిబంధనలు ఆడిట్ కమిటీ మీద పెట్టాయి. ఆ తర్వాత బోర్డు తీర్మానం. అంటే ఎండీకి నచ్చినంత మాత్రాన పని అయిపోదు. ఆడిట్ కమిటీ అధ్యక్షురాలితో గడిపిన ముప్పావుగంటకు బరువు చాలా ఎక్కువ. ఇంత బిగుతైన పట్టికలో అభిప్రాయాలు చాలా త్వరగా గట్టిపడతాయి. చాలా చోట్ల కలిసిన రోజు సాయంత్రమో మర్నాడో ఆ ఐదుగురూ మాట్లాడుకుంటారు. కాబట్టి మెయిల్ మర్నాటి పని రోజులోపు చేరాలి. వారం తర్వాత వచ్చిన గొప్ప ఉత్తరం కంటే మర్నాడు మధ్యాహ్నానికి వచ్చిన మామూలు ఉత్తరమే పనికొస్తుంది. అయితే అదే రాత్రి పదకొండింటికి పంపిన మెయిల్‌లో మాత్రం అలసట, ఉద్వేగం రెండూ కనిపిస్తాయి. రాత్రి గుర్తులు రాసుకోవాలి, ఉత్తరం ఉదయం రాయాలి.

ఆ రాత్రి రాసుకునే గుర్తులే అసలు పని. ఎవరు ఏం అడిగారు, తాను ఏం జవాబిచ్చాడు, ఏ జవాబు దగ్గర ఎదుటి మనిషి ముఖంలో తృప్తి కనబడలేదు. మన ఉదాహరణలోని అభ్యర్థికి అలాంటి చోటు ఒకటుంది. ఆడిట్ కమిటీ అధ్యక్షురాలు అడిగిన ప్రశ్న: త్రైమాసికం చివర ఛార్జ్‌బ్యాక్‌ల కోసం ఎంత పక్కన పెట్టాలో మీరు ఎలా లెక్కిస్తారు? అతను ‘గత క్లెయిముల నిష్పత్తి చూసి’ అన్నాడు. ఆమె తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

ఆ తల ఊపడం వెనక ఏముందో తెలియాలంటే ఛార్జ్‌బ్యాక్ అంటే ఏమిటో కొంచెం చూడాలి. అమెరికాలో జెనరిక్ మందులు ఎక్కువగా మూడు పెద్ద హోల్‌సేల్ సంస్థల ద్వారానే మందుల షాపులకు, ఆసుపత్రులకు చేరతాయి. తయారీదారు హోల్‌సేలర్‌కు జాబితా ధరకు, ఉదాహరణకు సీసా 100 డాలర్లకు, బిల్లు వేస్తాడు. కానీ ఆ సీసాను ఫలానా షాపుల గొలుసుకు 25 డాలర్లకే ఇస్తానని తయారీదారు ముందే వేరే ఒప్పందం చేసుకుని ఉంటాడు. హోల్‌సేలర్ 25కు అమ్మి, తేడా 75 డాలర్లు వెనక్కి ఇమ్మని తయారీదారును అడుగుతాడు. అదే ఛార్జ్‌బ్యాక్. త్రైమాసికం ముగిసేనాటికి హోల్‌సేలర్ గోదాముల్లో 10,000 సీసాలు అమ్ముడుపోకుండా ఉన్నాయనుకోండి. వాటి మీద క్లెయిము ఇంకా రాలేదు, కానీ వస్తుంది. కాబట్టి 7,50,000 డాలర్లను ఆదాయంలోంచి ముందే తగ్గించి చూపాలి. ఈలోగా పోటీ వల్ల ఒప్పందపు ధర 25 నుంచి 20కి పడిపోతే, అవే సీసాల మీద ఇవ్వాల్సింది 8,00,000 అవుతుంది. పాత నిష్పత్తినే నమ్ముకున్నవాడి లెక్క 50,000 డాలర్ల మేర తప్పుతుంది, లాభం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఆ లెక్కల మీద సంతకం చేసేది సీఎఫ్‌ఓ. వాటిని పరిశీలించేది ఆమె కమిటీ. ఆమె వెతుకుతున్నది ఈ మెలకువ ఉన్న మనిషిని. అతనికి ఆ సంగతి తెలుసు, ఆరేళ్లుగా చేస్తున్న పనే. నాలుగో గంటలో అలసి, సగమే చెప్పాడు.

ఆ రాత్రే అతను కూర్చుని ఒక ముసాయిదా రాశాడు. దాదాపు రెండు పేజీలు. ఒకే ఉత్తరం, ఐదుగురికీ కలిపి. మొదటి పేరాలో ఆతిథ్యానికి ధన్యవాదాలు, కంపెనీ ఎదుగుదలకు మెచ్చుకోలు. రెండో పేరాలో తన ఇరవై మూడేళ్ల అనుభవం మళ్లీ మొదటినుంచి. తర్వాత ‘మొదటి వంద రోజుల్లో మనం చేయాల్సినవి’ అంటూ తొమ్మిది అంశాలు. అందులో ముడిసరుకు నిల్వలు ఎక్కువగా ఉన్నాయని, వాటిని మూడో వంతు తగ్గించవచ్చని ఒక అంశం. ఎండీ మాటల్లో దొర్లిన బకాయిల అంకె ఒకటి అందులో కనిపిస్తోంది. చివరన, ఈ అవకాశం ఇస్తే జీవితాంతం రుణపడి ఉంటానని ఒక వాక్యం. చాలామంది సమర్థులు ఇలాగే రాస్తారు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, ఉత్సాహమంతా నిజమైనదే. అయినా ఇది అతనికి చేటు చేసే ఉత్తరం. ఎందుకో ఒక్కొక్కటిగా చూస్తే పొడవు గురించి, ధోరణి గురించి చెప్పాల్సింది దాదాపు అంతా అందులోనే ఉంది.

బయోడేటా మళ్లీ చెప్పడం ఎవరికీ అక్కర్లేదు. వాళ్లు దాన్ని చదివే పిలిచారు. మళ్లీ చెబితే గదిలో తన మాట ఆనలేదేమోనన్న బెంగ బయటపడుతుంది. వంద రోజుల ప్రణాళిక ఇంకా పెద్ద చిక్కు. ఖాతాలు చూడలేదు, సిబ్బందిని కలవలేదు, బ్యాంకు ఒప్పందాలు చదవలేదు. నాలుగు గంటల సంభాషణతో తొమ్మిది పరిష్కారాలు రాసేవాడు రేపు కుర్చీలో కూర్చున్నాక కూడా వినకముందే తీర్పు చెబుతాడేమో అని ఆడిట్ కమిటీ అధ్యక్షురాలికి అనుమానం వస్తుంది, అది న్యాయమైన అనుమానమే. ప్రణాళిక కావాలని వాళ్లే అడిగితే సంగతి వేరు. కొన్ని కంపెనీలు చివరి దశలో అడుగుతాయి. అప్పుడు అది విడి పత్రం, విడి సమావేశం. కృతజ్ఞతల మెయిల్‌కు తోకలా తగిలించేది కాదు.

నిల్వల గురించి రాసిన అంశం ఫ్యాక్టరీల అధికారిని నొప్పిస్తుంది. అంత సరుకు ఎందుకు పెట్టుకుంటున్నారో ఆయన అరగంటలో వివరంగానే చెప్పాడు. ముడిసరుకులో కొంత చైనా నుంచి రావాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన సరఫరాదారును మార్చాలంటే పరీక్షలు, పత్రాలు, అనుమతులు ఉంటాయి, రాత్రికి రాత్రి కాదు. ఆయన చెప్పింది విని కూడా మూడో వంతు తగ్గించవచ్చని అందరి ముందూ రాస్తే, వినలేదనే అర్థం. సీఎఫ్‌ఓ రోజూ కలిసి పనిచేయాల్సిన మనిషి ఆయన. అభిప్రాయం అడిగినప్పుడు ఆయన ఒక్క మాట చాలు: ‘తెలివైనవాడే, కానీ మాతో పడదు.’

ఆ బకాయిల అంకె విషయం అన్నిటికంటే తీవ్రం. లిస్టయిన కంపెనీలో ఇంకా బయటపెట్టని, షేరు ధరను కదిలించగల సమాచారాన్ని సెబీ 2015 నాటి ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు గట్టిగా కాపలా కాస్తాయి. కీలక పదవుల్లో మార్పు కూడా ఆ నిబంధనలు పేర్కొన్న జాబితాలో ఉంది, సీఎఫ్‌ఓ ఆ కీలక పదవుల్లో ఒకటి. అంటే ఫలానా మనిషి ఫలానా కంపెనీ సీఎఫ్‌ఓ పదవికి చర్చల్లో ఉన్నాడన్న సంగతే జాగ్రత్తగా దాచుకోవాల్సిన విషయం. మెయిల్ ఒకరికి పంపితే ఒకరే చదువుతారన్న హామీ లేదు. ఎండీ మెయిళ్లు ఆయన కార్యదర్శి చూస్తారు. హెచ్‌ఆర్ హెడ్ నుంచి కింది సిబ్బందికి ఫార్వర్డ్ అవుతాయి. గదిలో నమ్మకంతో చెప్పిన అంకెను మెయిల్‌లో రాసి పంపే మనిషిని ఆ కంపెనీ ఖజానా దగ్గర కూర్చోబెట్టడానికి ఎవరు ఇష్టపడతారు? అందుకే పై స్థాయి ఉత్తరంలో కంపెనీ అంకెలు ఉండవు. పంపేది సొంత మెయిల్ నుంచే, ప్రస్తుత ఆఫీసు మెయిల్ నుంచి ఎంతమాత్రం కాదు. విషయం గడిలో పదవి పేరు కూడా అక్కర్లేదు, ‘నిన్నటి సమావేశం’ అంటే సరిపోతుంది.

మర్నాడు ఉదయం అతను మొదట చేసిన పని మెయిల్ కాదు, ఫోను. పై స్థాయి నియామకాల్లో మధ్యలో సాధారణంగా ఒక సెర్చ్ సంస్థ కన్సల్టెంట్ ఉంటారు. ఎవరికి నేరుగా రాయవచ్చు, ఎవరికి వేరే దారిలో పంపాలి అన్నది వాళ్లకు తెలుస్తుంది. ఈ ఉదాహరణలో కన్సల్టెంట్ చెప్పింది ఇది: ఎండీకి, ఇద్దరు అధికారులకు, హెచ్‌ఆర్ హెడ్‌కు నేరుగా రాయండి. స్వతంత్ర డైరెక్టర్‌కు మాత్రం హెచ్‌ఆర్ హెడ్ ద్వారా పంపండి, ఆమె కంపెనీ ఉద్యోగి కాదు, అభ్యర్థులు తనకు నేరుగా రాయడం ఆమెకు ఇబ్బందిగా ఉండవచ్చు. జీతం గురించి, నోటీసు కాలం గురించి ఏమైనా ఉంటే నాతో మాట్లాడండి, ఉత్తరంలో ఎత్తకండి. ఈ చివరి మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. బేరం జాడ ఉన్న ఒక్క వాక్యం చాలు, మిగతా ఉత్తరమంతా దాని నీడలో పడుతుంది.

అప్పుడు అతను రెండు పేజీలూ పక్కన పెట్టి ఐదు ఉత్తరాలు రాశాడు. ఇలాంటివి ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి, సారం మాత్రం తెలుగులో చెబుతాను. అన్నిటికంటే పొడవైనది ఎండీకి వెళ్లలేదు, ఆడిట్ కమిటీ అధ్యక్షురాలికి వెళ్లింది. పొడవును హోదా నిర్ణయించకూడదు, గదిలో తెగకుండా మిగిలిపోయిన ప్రశ్న నిర్ణయించాలి.

‘నిన్న మీరిచ్చిన సమయానికి కృతజ్ఞతలు. ఛార్జ్‌బ్యాక్ కేటాయింపు మీద మీరడిగిన ప్రశ్నకు నా జవాబు అసంపూర్ణంగా ఉంది, దాన్ని సరిచేయాలనుకుంటున్నాను. గత క్లెయిముల నిష్పత్తి చూస్తానన్నాను. అది చివర్లో సరిచూసుకోవడానికి పనికొస్తుంది. లెక్క మొదలవ్వాల్సింది హోల్‌సేలర్ల దగ్గర ఆ రోజు మిగిలిన స్టాకు నుంచి, దాన్ని కొనబోయేవారి తాజా ఒప్పందపు ధరల నుంచి. ధరలు పడుతున్న కాలంలో పాత నిష్పత్తి కేటాయింపును తక్కువ చూపిస్తుంది. ప్రస్తుత ఉద్యోగంలో నేను పాటిస్తున్న పద్ధతి ఇదే, త్రైమాసికం ముగిశాక వచ్చిన అసలు క్లెయిములతో పోల్చి తేడాను ఆడిట్ కమిటీకి నివేదిస్తాం. మరింత వివరం కావాలంటే సంతోషంగా మాట్లాడతాను.’

ఇంతే. కంప్యూటర్ తెరను కిందికి జరపకుండా ఒక్క చూపులో చదివేయవచ్చు. ఇంగ్లిష్‌లో అయితే నూట యాభై పదాల లోపు. ఇందులో క్షమాపణ లేదు, సంజాయిషీ లేదు, అలసిపోయానన్న సాకు లేదు. జవాబు అసంపూర్ణమని ఒక్క వాక్యంలో ఒప్పుకుని వెంటనే విషయంలోకి దిగాడు. సొంత కంపెనీ పద్ధతి గురించి చెప్పాడు కానీ దాని అంకె ఒక్కటీ చెప్పలేదు, ఎందుకంటే ఇక్కడి రహస్యం కాపాడేవాడు అక్కడిది కూడా కాపాడాలి. ఆమె దీన్ని చదివితే సబ్జెక్టు తెలిసినవాడని మాత్రమే కాదు, తన లెక్కలో లోపం తానే చెప్పే మనిషని కూడా తెలుస్తుంది. ఒక ఆడిట్ కమిటీకి సీఎఫ్‌ఓలో అంతకంటే కావాల్సిన గుణం మరొకటి ఉందని నేననుకోను.

ఎండీకి రాసింది ఆరు వాక్యాలు. సమయానికి కృతజ్ఞతలు. కొత్త అప్పులు తేవడం కంటే వ్యాపారంలో ఇరుక్కున్న డబ్బును విడిపించడమే రాబోయే రెండేళ్లలో సీఎఫ్‌ఓ ముఖ్యమైన పని అని మీరు చెప్పినట్టు అర్థం చేసుకున్నాను, సరికాకపోతే చెప్పండి. నేను చేస్తున్న పనికి అది దగ్గరగా ఉంది. మీ సహచరులతో మాట్లాడాక ఈ బాధ్యత మీద ఆసక్తి పెరిగింది. ఆడిట్ కమిటీ అధ్యక్షురాలు అడిగిన ఒక ప్రశ్నకు అదనపు వివరాన్ని హెచ్‌ఆర్ హెడ్ ద్వారా ఆమెకు పంపుతున్నాను. మరోసారి మాట్లాడాలనుకుంటే ఏ వేళైనా వస్తాను. ఆ అయిదో వాక్యం చిన్నదే కానీ అవసరం. బోర్డు సభ్యురాలికి తనకు తెలియకుండా ఏదో వెళ్లిందని ఎండీకి తర్వాత తెలియకూడదు.

ఫ్యాక్టరీల అధికారికి మూడు వాక్యాలు. వాటిలో నడిమిది ముఖ్యం: ‘నమోదైన సరఫరాదారును మార్చడానికి పట్టే కాలం గురించి మీరు చెప్పాక, నిల్వల ప్రశ్నను మొత్తంగా కాకుండా ఒక్కో ముడిసరుకు వారీగా చూడాలని అర్థమైంది.’ తన అభిప్రాయాన్ని అతను పూర్తిగా వదులుకోలేదు, నిల్వలు చూడాల్సిందే అంటున్నాడు. కానీ ఎదుటి మనిషి చెప్పిన కారణాన్ని అందులో చేర్చుకున్నాడు. అమెరికా అమ్మకాల బాధ్యుడికి రెండు వాక్యాలు, ఆ సంభాషణలో మిగిలిపోయింది ఏమీ లేదు కాబట్టి. హెచ్‌ఆర్ హెడ్‌కు ఏర్పాట్లకు ధన్యవాదాలు, జతపరిచిన ఉత్తరం ఎవరికి అందించాలో ఒక మాట. ఐదుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చుని తమకు వచ్చినవి పక్కపక్కన పెట్టుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఐదూ ఒకే మూసలో, పేర్లు మాత్రం మార్చి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఒకరికి ఒక మాట, మరొకరికి దానికి విరుద్ధమైన మాట రాసినా అంతే.

ధోరణి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పెద్దవాళ్ల ముందు ఒదిగి ఉండటం మనకు చిన్నప్పటి నుంచి నేర్పిన మంచి అలవాటు. కానీ యాభైకి దగ్గరపడ్డ మనిషి, వేల కోట్ల లెక్కలు చూడబోయే మనిషి, ప్రతి వాక్యానికీ ఒక ‘సర్’ తగిలించి, దయచేసి పరిశీలించమని, మీ ఆశీస్సులు కావాలని రాస్తే, రేపు బోర్డు ముందు ఎండీకి ‘ఇది కుదరదు’ అని చెప్పగలడా అన్న ప్రశ్న వస్తుంది. ఆ మాట చెప్పాల్సిన ఉద్యోగం సీఎఫ్‌ఓది. దీనికి అవతలి కొస కూడా అంతే ప్రమాదం. ఇంకా చేరకుండానే ‘మన కంపెనీ’, ‘మనం చేయాల్సింది’ అని రాసేవాళ్లున్నారు. వెళ్లిపోయిన సీఎఫ్‌ఓ పనిలో లోపాలు ఎత్తిచూపేవాళ్లున్నారు. ఆ పాత మనిషితో ఎండీకి పదిహేనేళ్ల స్నేహం ఉండవచ్చు. సరైన చోటు ఈ రెండు కొసల మధ్య ఉంది: పని గురించి మాట్లాడేటప్పుడు సమానుడిలా, నిర్ణయం గురించి మాట్లాడేటప్పుడు బయటి మనిషిలా. నిర్ణయం వాళ్లది, దాన్ని ముందే తీసుకున్నట్టు రాయకూడదు. ఎలా సంబోధించాలన్నది గదిలో వాళ్లు పిలిచిన పద్ధతిని బట్టే ఉండాలి. ఎండీ మొదటి పేరుతో పిలవమని తానే చెప్పి ఉంటే అలాగే రాయవచ్చు. చెప్పకపోతే ఇంటిపేరుతో మర్యాదగా రాయడమే మంచిది.

కుటుంబ కంపెనీల్లో మరో చిక్కు ఎదురవుతుంది. మాటల్లో మాటగా మీదే ఊరు అన్న ప్రశ్న వస్తుంది. ఇద్దరిదీ ఒకే జిల్లా అని తేలుతుంది, ఎండీ మేనమామ చదివిన హైస్కూల్లోనే అభ్యర్థి తండ్రి పనిచేశాడని తేలుతుంది. ఆ పది నిమిషాల ఆత్మీయత నిజమైనదే, కానీ దాన్ని ఉత్తరంలోకి తెస్తే అర్హత పక్కకు జరిగి చుట్టరికం ముందుకొస్తుంది. దాన్ని ఫార్వర్డ్ అయ్యాక చదివే స్వతంత్ర డైరెక్టర్‌కు అది అస్సలు రుచించదు. ఇక ఉత్తరంతో పాటు ‘మా బావగారు మీకు ఫోన్ చేస్తారు’ అన్నట్టు తెలిసినవాళ్లతో చెప్పించడం ఈ స్థాయిలో నూటికి నూరుపాళ్లూ నష్టమే. ఎండీ తన నంబరిచ్చి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టమంటే, అక్కడ ఒక్క వాక్యం చాలు: కలిసినందుకు సంతోషం, మెయిల్ పంపాను. విషయమంతా మెయిల్‌లోనే ఉండాలి, ఎందుకంటే నలుగురూ కలిసి చదవాల్సి వస్తే వెతికేది అక్కడే.

అమెరికాలో పనిచేస్తూ ఇక్కడికి తిరిగి రావాలనుకునే తెలుగువాళ్లలో వేరే అలవాటు గమనించాను. హైదరాబాద్ మందుల కంపెనీలు చాలావాటికి న్యూజెర్సీలో కార్యాలయాలున్నాయి, అక్కడి నుంచి వచ్చే అభ్యర్థులకు కొదవ లేదు. అక్కడి పద్ధతిలో ఉత్సాహాన్ని బాహాటంగా చెప్పడం మామూలే. ఎంతో పులకించిపోయానని, ఇది నా కలల ఉద్యోగమని రాస్తారు. ఇక్కడి బోర్డులోని డెబ్బై ఏళ్ల డైరెక్టర్‌కు అది అతిగా అనిపించవచ్చు. ఆసక్తిని ఒక్క వాక్యంలో, ఒక్కసారి, మామూలు మాటల్లో చెబితే రెండు దేశాల్లోనూ సరిపోతుంది. చెప్పకుండా మాత్రం ఉండకూడదు. హోదా పెరిగినకొద్దీ ‘నాకు ఈ ఉద్యోగం కావాలి’ అని చెప్పడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది. వాళ్ల మౌనాన్ని కంపెనీలు అనాసక్తిగా చదువుకుంటాయి.

ఉత్తరం వెళ్లింది. తర్వాత నిశ్శబ్దం. ఇక్కడ క్యాలెండర్ తెలిసి ఉండటం మేలు. సమావేశం జూలై 8న జరిగిందనుకుందాం. జూన్ 30తో ముగిసిన త్రైమాసికం ఫలితాలను లిస్టయిన కంపెనీ 45 రోజుల్లో, అంటే ఆగస్టు 14లోపు ప్రకటించాలి. అందుకోసం ఆడిట్ కమిటీ, బోర్డు ఎలాగూ సమావేశమవుతాయి. సీఎఫ్‌ఓ నియామకాన్ని కూడా అదే సమావేశం ముందు పెట్టడం తరచూ జరుగుతుంది. పైగా ఆ వారాల్లో ఫైనాన్స్ విభాగం అంతా ఫలితాల పనిలో మునిగి ఉంటుంది, అందులోనూ అక్కడ సీఎఫ్‌ఓ లేడు. కాబట్టి మూడు వారాల మౌనం తిరస్కారం కానక్కర్లేదు. ఆ మూడు వారాల్లో ప్రతి సోమవారం ఎండీకి మెయిల్ పెట్టే అభ్యర్థి తనకు కంపెనీ పని తీరు తెలియదని చెప్పుకుంటున్నట్టే.

రెండోసారి రాయాల్సిన సందర్భాలు రెండే. కబురు చెబుతామన్న తేదీ దాటిపోవడం ఒకటి. అప్పుడు కూడా ముందు కన్సల్టెంట్‌ను అడగాలి. ఆయన దగ్గరా సమాచారం లేకపోతే హెచ్‌ఆర్ హెడ్‌కు రెండు వాక్యాలు: ‘ఈ నెలాఖరుకు తెలియజేస్తామన్నారు. నా ఆసక్తి అలాగే ఉంది, మీ పట్టికలో మార్పు ఉంటే చెప్పగలరు.’ మొదటి ఉత్తరంలో చెప్పినవి మళ్లీ చెప్పక్కర్లేదు. రెండో సందర్భం, చేతికి మరో ఆఫర్ రావడం. దాన్ని బెదిరింపులా కాకుండా తేదీతో సహా సూటిగా చెప్పాలి: ‘మరో సంస్థకు 25వ తేదీలోపు జవాబు చెప్పాల్సి ఉంది. మీ నిర్ణయం కోసం తొందరపెట్టడం లేదు, మీకు తెలిసి ఉండాలని చెబుతున్నాను.’ లేని ఆఫర్‌ను ఉందని రాసినవాళ్లు దొరికిపోవడం కష్టమేమీ కాదు. ఈ స్థాయిలో పోటీదారులు కొద్దిమంది, సెర్చ్ సంస్థలు కూడా కొన్నే, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.

ఇంత చేసినా ఉత్తరం ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. గదిలో పూర్తిగా తేలిపోయినవాణ్ని నూట యాభై పదాలు నిలబెట్టలేవు. ఇద్దరు దాదాపు సమానంగా ఉన్నప్పుడు, లేదా ఒక ప్రశ్న దగ్గర సందేహం మిగిలినప్పుడు మాత్రం అది పనిచేస్తుంది. మన అభ్యర్థి విషయంలో జరగాల్సింది కూడా అదే: రెండో సమావేశంలో ఆమె ఛార్జ్‌బ్యాక్ ప్రశ్నను వదిలేయకుండా, హోల్‌సేలర్ల స్టాకు లెక్క ఆలస్యంగా అందితే ఏం చేస్తారు అని ముందుకు తీసుకెళ్లడం.

కాదన్న కబురు వచ్చినా ఒక ఉత్తరం మిగిలి ఉంటుంది, దాన్ని చాలామంది రాయరు. మన దగ్గర పై స్థాయి ఉద్యోగాల్లో నోటీసు కాలం తరచూ మూడు నెలలు. ఎంపికైనవాడు ఆ మూడు నెలల్లో పాత కంపెనీ జీతం పెంచితే అక్కడే ఉండిపోవచ్చు. అలా జరగడం అరుదేమీ కాదు. అప్పుడు ఇక్కడ సెబీ గడువు దగ్గరపడుతుంటుంది, ఎండీ వెంటనే కన్సల్టెంట్‌కు ఫోన్ చేసి రెండో స్థానంలో ఉన్న అభ్యర్థి సంగతి అడుగుతాడు. ఆ రెండో మనిషి తిరస్కారం అందిన రోజున ఏం రాశాడన్నది అప్పుడు లెక్కలోకి వస్తుంది. కారణాలు నిలదీసినవాణ్ని, ఆశ్చర్యపోయానని రాసినవాణ్ని, అసలు ఏమీ రాయనివాణ్ని పిలవడానికి వాళ్లు సంకోచిస్తారు. ‘నిర్ణయం తెలియజేసినందుకు కృతజ్ఞతలు. మీ అందరితో మాట్లాడటం నాకు విలువైనది, ముందు ముందు అవకాశం వస్తే తప్పక మాట్లాడతాను’ అని రెండు వాక్యాలు రాసినవాడికి ఆ ఫోన్ కాల్ ఆ సాయంత్రమే వెళుతుంది.